పేరులో "గ్రీన్" పెట్టాలా? చెరకు పిప్పి గిన్నెల కంపెనీకి ఒక పేరు

ప్రశ్న: నమస్తే అండీ. మాది తణుకు దగ్గర పల్లెటూరు. చెరకు పిప్పి గుజ్జు షీట్లు కొని గిన్నెలు, ప్లేట్లు ఒత్తే మెషీన్ బుక్ చేశాం. స్వీట్ షాపులకు, పచ్చళ్ల వాళ్లకు అట్టపెట్టెలు, టీ షాపులకు పేపర్ కప్పులు కూడా సప్లై చేయాలని ఉంది. కప్పులు మేం చేయం, బయట కొని మా పేరు వేయించి అమ్ముతాం. మా మరిది "గ్రీన్ ఎర్త్ ఎకోప్యాక్" అని పెడదామంటున్నాడు. నాకు "ప్రకృతి బయోప్యాక్" నచ్చింది. పర్యావరణానికి మంచి సరుకని పేరు వినగానే తెలియాలి, కానీ రేపు ఎవరైనా "ఏదీ రుజువు?" అంటే టెన్షన్ పడే పరిస్థితి రాకూడదు. రెండేళ్లలో జర్మనీకి ఎగుమతి చేయాలని కూడా ఆశ. ఏ పేరు పెట్టమంటారు?
— ఒక పాఠకురాలు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: అమ్మా, రెండు పేర్లూ వద్దు. చట్టం సంగతి తర్వాత చెబుతాను. ముందు అడ్డొచ్చేది మీ సరుకే.

మీరు అమ్మబోయే పేపర్ కప్పు ఒకటి తీసుకోండి. గోరువెచ్చటి నీళ్లలో గంటసేపు నానబెట్టి, బయటివైపు కాగితాన్ని బొటనవేలితో మెల్లగా రుద్దుతూ పోండి. కాగితం గుజ్జుగుజ్జుగా ఊడిపోతుంది. చివరికి పల్చటి పారదర్శకమైన పొర ఒకటి చేతిలో మిగులుతుంది. మామూలుగా దొరికే కప్పుల్లో అది పాలిథీన్. వేడి టీ కాగితంలోకి ఇంకకుండా ఆపుతున్నది అదే. ఇప్పుడు ఆ కప్పు మీద "ప్రకృతి బయోప్యాక్" అని అచ్చు వేసినట్టు ఊహించుకోండి. కప్పు గురించి మీరు ఏ ప్రకటనా ఇవ్వకపోయినా, ఆ పేరే ఇచ్చేస్తుంది.

పేరుతో వచ్చే చిక్కు ఇదే. ప్రకటనలో అయితే "గిన్నె మాత్రమే, మూతకు వర్తించదు" అని ఒక షరతు రాయొచ్చు. పేరుకు షరతు తగిలించలేం. బిల్లు మీద, బోర్డు మీద, లారీ మీద, మీరు తర్వాత మొదలుపెట్టబోయే సరుకు మీద కూడా అది ఒంటరిగానే ఉంటుంది. అందుకే పేరులో పెట్టే మాట మీ సరుకంతటికీ, ఎప్పటికీ నిజమయ్యేదై ఉండాలి. అలా కానిది పేరు కింద లైనులో రాసుకోవాలి.

నాకు ఇది అనుభవంలో తెలిసింది. ఈ లైన్లోకి వచ్చిన కొత్తలో మా సంస్థ పేరులో కూడా "బయో" ఉండేది. మేం చేసేవి కాగితం సంచులే. మధ్యలో ఒక సప్లయర్ దగ్గర "మట్టిలో కలిసే" కవర్లు తెచ్చి మా పేరుతో అమ్మడం మొదలుపెట్టాం. ఒక పెద్ద హోటల్ పర్చేజ్ మేనేజర్ ఆ కవరును వెలుతురుకు పెట్టి చూసి, "మీ పేరులో బయో అంటే ఏంటండీ? దేన్నుంచి చేశారనా, దేంట్లో కలిసిపోతుందనా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. సప్లయర్ ఇచ్చిన సర్టిఫికెట్ పంపిస్తే, అది వేరే మందం, వేరే రకం కవరుకు ఇచ్చినదని తేలింది. కవర్ల ఆర్డర్‌తో పాటు, ఏ తప్పూ లేని సంచుల ఆర్డర్ కూడా పోయింది. తర్వాత పేరు మార్చుకోవడానికి జీఎస్‌టీ, బ్యాంకు ఖాతా, బోర్డు, అచ్చు దిమ్మెలు అన్నీ మార్చాల్సి వచ్చింది. పాత పేరు వేసిన సంచులు గోడౌన్‌లో చాలాకాలం పడి ఉన్నాయి.

ఆయన అడిగిన ప్రశ్న చాలా సరైనది. "బయో" అనే మాటలో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయి ఉన్నాయి. చెరకు నుంచి తీసిన ఆల్కహాల్‌తో పాలిథీన్ చేస్తారు. బ్రెజిల్‌లో ఇది పెద్ద ఎత్తున జరుగుతోంది. అది పుట్టింది చెరకులోనే అయినా మామూలు పాలిథీన్‌లాగే మట్టిలో కలవదు. ఇంకోవైపు పీబ్యాట్ అనే ప్లాస్టిక్ ఉంది. దాన్ని చేసేది పెట్రోలియం నుంచే, కానీ సరైన కంపోస్ట్ ప్లాంటులో అది కుళ్లిపోతుంది. మొదటిది పుట్టుకలో బయో, రెండోది చావులో బయో. పేరులో ఆ మాట పెడితే వినేవాళ్లు రెండూ నిజమనుకుంటారు.

ఇక చట్టం. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబర్ 15న గ్రీన్‌వాషింగ్ మీద, అంటే లేని పచ్చదనాన్ని చెప్పుకొని అమ్మడం మీద, మార్గదర్శకాలు తెచ్చింది. గ్రీన్, ఎకో ఫ్రెండ్లీ, నేచురల్, సస్టెయినబుల్ లాంటి సాధారణ మాటలు ఒట్టిగా వాడకూడదనీ, పక్కనే వివరణ, వెనక రుజువు ఉండాలనీ అవి చెబుతున్నాయి. కంపోస్ట్ అవుతుంది, రీసైకిల్ అవుతుంది, ప్లాస్టిక్ లేదు అనే నిర్దిష్టమైన మాటలకైతే సర్టిఫికెట్, శాస్త్రీయ ఆధారం, బయటివాళ్ల పరిశీలన కావాలి. వివరాలు క్యూఆర్ కోడ్‌లో పెట్టడానికి వీలుంది. ఏ వస్తువునూ ఉద్దేశించకుండా కంపెనీ తన ఆశయంగా చెప్పుకొనే మాటను, మోసం లేకుండా వాడే రంగులు, బొమ్మలను మాత్రం గ్రీన్‌వాషింగ్‌గా చూడరు. కాబట్టి లోగో ఆకుపచ్చగా ఉంటే భయం లేదు. కానీ ప్రతి గిన్నె అడుగునా ఒత్తిన పేరును ఆశయం అనలేం కదా, అది ఆ గిన్నె గురించి చెప్పే మాటే అవుతుంది. తప్పుదారి పట్టించే ప్రకటన అని తేలితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మొదటిసారి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చు.

జర్మనీ విషయంలో సందేహానికి చోటే లేదు. యూరోపియన్ యూనియన్ 2024లో తెచ్చిన 825 నంబరు డైరెక్టివ్, పర్యావరణం గురించిన క్లెయిమ్ అంటే ఏమిటో చెబుతూ లేబుళ్లతో పాటు బ్రాండ్ పేర్లను, కంపెనీ పేర్లను కూడా అందులో కలిపేసింది. 2026 సెప్టెంబర్ 27 నుంచి అమలు. "ఎకో" అన్న పేరుతో వెళ్తే అక్కడి కొనుగోలుదారుడు మీ సరుకు చూడకముందే పేరు మీద వివరణ అడుగుతాడు.

మరి పేరు వినగానే ఎలా తెలియాలి? "ఇది మంచిది" అని పేరుతో చెప్పించకండి. "ఇది ఫలానా దాన్నుంచి వచ్చింది" అనో, "ఇలాంటి పని చేస్తుంది" అనో చెప్పించండి. మొదటిది మీ అభిప్రాయం, రెండోది చూపించగలిగిన సంగతి. నేను ఏ పేరునైనా మూడు ప్రశ్నలతో పట్టి చూస్తాను: ఏ వస్తువు గురించి? ఎంత మేరకు? మీరు కాక ఇంకెవరు చెప్పారు? "జీరో వేస్ట్" అంటే మీ మెషీన్ దగ్గర రాలే అంచు ముక్కలు, గుజ్జు కలిపిన నీళ్లు ఏమవుతున్నాయో చూపించాలి. "మట్టి" అని పెడితే మట్టిలో ఎన్నాళ్లకు కలుస్తుందని అడుగుతారు. పైగా ఇక్కడ చాలామంది పొరపడేది ఒకటుంది. కంపోస్ట్ అయ్యే ప్లాస్టిక్‌కు మన దేశంలో ఉన్న ప్రమాణం ఐఎస్/ఐఎస్ఓ 17088. ఆ పరీక్ష దాదాపు 58 డిగ్రీల వేడిలో, పారిశ్రామిక కంపోస్ట్ పరిస్థితుల్లో చేస్తారు. మన పెరట్లో పెంటకుప్ప అంత వేడిని వారాల తరబడి నిలుపుకోదు. కాబట్టి ఆ సర్టిఫికెట్ ఉన్న సరుకును కూడా "మట్టిలో వేస్తే చాలు" అని అమ్మకూడదు.

మీ పిప్పి గిన్నె ప్లాస్టిక్ కాదు కనుక దాని దారి వేరు. వ్యవసాయ వ్యర్థాలతో చేసే భోజన పాత్రల కోసం మన దేశ ప్రమాణాల సంస్థ బీఐఎస్ 2023లో ఐఎస్ 18267 అనే ప్రమాణం తెచ్చింది. మెషీన్ దిగేలోపే అది తెప్పించుకొని చదవండి. ఒక పరీక్ష మాత్రం ఇంట్లోనే చేయండి. గిన్నెలో బాగా కాగిన నూనె పోసి, కింద తెల్ల కాగితం పెట్టి, అరగంట వదిలేయండి. ఏమీ కలపని పిప్పిలోకి నూనె మెల్లగా ఇంకుతుంది, కాగితం మీద మరక పడుతుంది. చుక్క కూడా దిగలేదంటే అందులో నూనెను ఆపే రసాయనమో, పూతో ఉంది. అలా ఉండటం తప్పేమీ కాదు, కానీ అదేమిటో మీకు తెలియాలి. ఇలాంటి పాత్రల్లో ఈ పనికి ఫ్లోరిన్ ఉండే, ప్రకృతిలో ఎన్నేళ్లయినా విరిగిపోని పీఫాస్ రసాయనాలు వాడుతూ వచ్చారు. గుజ్జు, రసాయనం అమ్మేవాళ్ల దగ్గర "మొత్తం ఫ్లోరిన్" పరీక్ష రిపోర్టు అడగండి. ఎగుమతిలో తప్పకుండా అడిగేది అదే.

ఇప్పుడు పేర్లకు వద్దాం. మీ బదులు కూర్చుని కొన్ని రాసి, ఒక్కోటీ కొట్టేస్తూ వచ్చాను.

మొదట తోచింది "పిప్పి". పొట్టిగా ఉంది, ముడిసరుకు పేరే, దాచేదేమీ లేదు. కానీ తెలుగువాడికి పిప్పి అంటే చెరకు తర్వాత గుర్తొచ్చేది పిప్పిపన్ను. తినే గిన్నె మీద ఆ మాట వద్దు. తర్వాత "అడ్డాకు". విశాఖ మన్యం నుంచి వచ్చే అడ్డాకు విస్తళ్లు గుర్తొచ్చి మనసుకు హాయిగా ఉంటుంది, కానీ మీ గిన్నెలో అడ్డాకు లేదు. కొనేవాడు ఆకుతో కుట్టిందనుకుంటాడు. ట్రేడ్‌మార్క్ చట్టం సెక్షన్ 9(2)(ఎ) ప్రజలను మోసపుచ్చే గుర్తును నమోదు చేయొద్దంటుంది, ఆ అభ్యంతరం వస్తే మీ దగ్గర సమాధానం ఉండదు. "దొప్ప" నాకు చాలా ఇష్టమైన మాట. గుళ్లో పులిహోర దొప్ప పట్టుకున్న వేడి చేతికి తెలుస్తుంది. అయితే గిన్నెలమ్మే వాళ్లు గిన్నె అనే అర్థమున్న మాటను పేరుగా పెట్టుకుంటే అది వర్ణన అవుతుంది, సెక్షన్ 9(1)(బి) దగ్గర ఆగుతుంది. తెలుగు మాట కాబట్టి అధికారికి తెలియదులే అనుకోవద్దు. ఇంగ్లిష్, హిందీ కాని మాట పెడితే దాని అర్థం దరఖాస్తులో మనమే రాసివ్వాలి.

"చద్దిమూట" దగ్గర చాలాసేపు ఆగాను. పెద్దల మాట చద్దిమూట అన్న సామెత ప్రతి ఇంట్లో ఉంది. అన్నాన్ని పొలానికి మోసుకెళ్లే కట్టు అది, ప్యాకింగ్ వాళ్లకు అంతకన్నా చక్కని మాట ఏముంటుంది? పర్యావరణం గురించి ఒక్క ముక్క చెప్పకుండానే ప్లాస్టిక్ లేని రోజులు గుర్తుకొస్తాయి. కానీ ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి హిందీ వాళ్లతో చదివించండి. "చడ్డీ" అంటే వాళ్లకు లోదుస్తులు, "మూత్" అంటే మూత్రం. తెలంగాణ పలుకుబడిలో "సద్ది" అన్నా రెండో సగం మారదు. తెలుగు జిల్లాల్లోనే అమ్మేవాళ్లకైతే ఇదే పెట్టమనేవాడిని. మీ చూపు జర్మనీ దాకా ఉంది, దారిలో ముంబై, ఢిల్లీ వ్యాపారులు తగులుతారు.

ఒకే ముడిసరుకుకు కట్టుబడే పేర్లు కూడా పక్కన పెట్టాను. "చెరకుతోట" బాగుంటుంది గాని మీ అట్టపెట్టెకు చెరకుతో సంబంధం లేదు. ముడిసరుకు తలరాత మన చేతిలో ఉండదు కూడా. వక్క ఆకు ప్లేట్లు ఎంత సహజమైనవో అందరికీ తెలుసు. అయినా 2025లో అమెరికా ఎఫ్‌డీఏ ఆహారం వడ్డించడానికి వాటిని అనుమతించలేదని చెప్పింది. పేరులోనే వక్క ఉన్న ఎగుమతిదారు పరిస్థితి ఏమిటో ఆలోచించండి.

చివరికి మిగిలింది "రెండో పంట". రైతు చెరకు నుంచి మొదటి పంటగా రసం తీసుకున్నాడు, బెల్లమో పంచదారో అయింది. మిగిలిన పిప్పిలోంచి మీరు గిన్నె తీస్తున్నారు, అది రెండో పంట. అట్టపెట్టె కూడా పాత కాగితంతో చేసిన క్రాఫ్ట్ పేపర్‌తో కొట్టించారంటే దానికీ అదే వర్తిస్తుంది. వినేవాడికి పొలం గుర్తొస్తుంది, వృథాగా పోయేదాన్ని వాడారన్న ఊహ వస్తుంది. మంచిది, పచ్చనిది అనే మాటే లేదు. దరఖాస్తులో అర్థం రాసినా అది గిన్నెను గానీ పెట్టెను గానీ వర్ణించదు, సూచిస్తుందంతే. ట్రేడ్‌మార్క్‌కు కావలసిందీ అదే. ఉన్న చిక్కు ఒకటే. ఫోన్లో "రెండో పంట నుంచి మాట్లాడుతున్నా" అంటే బియ్యం వాళ్లనుకుంటారు. మీ వైపైతే దాళ్వా వడ్లు గుర్తొస్తాయి. అందుకని వెనక "ప్యాకేజింగ్" తప్పకుండా ఉండాలి.

ఈ పేరుకూ మూడు ప్రశ్నలు వేద్దాం. ఏ వస్తువు? ఒకసారి వాడగా మిగిలినదానితో చేసినవన్నీ. ఎంత? గిన్నెలో గుజ్జు ఎంత శాతం పిప్పిదో సప్లయర్ రాసివ్వాలి, కొందరు బలం కోసం కర్ర గుజ్జు కలుపుతారు. ఎవరు చెప్పారు? గుజ్జు బిల్లు, క్రాఫ్ట్ పేపర్ మిల్లు ఇచ్చే పాత కాగితం శాతం లేఖ. ఈ రెండూ ఫైల్లో పెట్టుకుని, ప్రతి ఏడాదీ కొత్తవి తీసుకోండి. నమూనాకు, తర్వాత వచ్చే సరుకుకు తేడా వచ్చేది ఇక్కడే.

అసలు విషయం పేరు కింద లైనులో చెప్పండి, అదీ ఒక్కో వస్తువుకు ఒక్కోలా. గిన్నె అడుగున "చెరకు పిప్పి గుజ్జుతో చేసింది. ప్లాస్టిక్ పూత లేదు." మూత ప్లాస్టిక్‌ది ఇస్తుంటే అదే అక్షరం సైజులో "మూత పీఈటీ ప్లాస్టిక్, విడిగా వేయండి." పెట్టె మీద "ఈ అట్టలో ఇంత శాతం పాత కాగితం" అని మిల్లు లేఖలో ఉన్న అంకె. పరీక్షలు వచ్చేదాకా "కంపోస్ట్", "ప్లాస్టిక్ పూత లేదు" అన్న మాటలు ఎక్కడా రాయకండి. ఇవి మెరుపు మాటలు కావు, కానీ పర్చేజ్ మేనేజర్ వేలు పెట్టి చూపించేది ఇలాంటి లైన్లనే.

ఇక రిజిస్ట్రేషన్. పేరు బుక్ చేసేముందు ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్లో ఉచితంగా వెతకండి. గిన్నెలు, ప్లేట్లు, కప్పులు 21వ క్లాసు, అట్టపెట్టెలు, కాగితం సంచులు 16వ క్లాసు. తెలుగు మాటను ఇంగ్లిష్‌లో రాసే తీరులన్నీ వెతకాలి: Rendo Panta, Rendopanta, Rendo Pantta. వినడానికి ఒకేలా ఉంటే స్పెల్లింగ్ వేరైనా అభ్యంతరం పెడతారు. అదే చోట "Eco", "Green" అని కూడా కొట్టి, అలాంటి పేర్లు అప్పటికే ఎన్ని ఉన్నాయో చూడండి, మీ మరిదికి నేను చెప్పడం కన్నా ఆ జాబితా బాగా చెబుతుంది. చిన్న సంస్థగా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంటే ఆన్‌లైన్ ఫీజు ఒక్కో క్లాసుకు 4,500 రూపాయలు, రెండింటికీ 9,000. ప్రైవేట్ లిమిటెడ్ పెడితే కంపెనీ పేరు వేరే దరఖాస్తులో బుక్ చేయాలి. అక్కడ ఆమోదం వచ్చింది కదా అని ట్రేడ్‌మార్క్ మీది అయిపోదు. రెండూ వేర్వేరు ఆఫీసులు, ఒకదాని ఆమోదం రెండోదానికి పనికిరాదు. అందుకే ముందు మార్క్ వెతికి, దరఖాస్తు పెట్టి, ఆ తర్వాతే బోర్డు, అచ్చులు చేయించండి.

మిగిలింది పేపర్ కప్పులు. ఈ పేరు పెట్టుకుంటే వాటి మీద వేయకండి. కొత్త కాగితం, పైన పాలిథీన్ పొర, రెండో పంట అనడానికి అందులో ఏమీ లేదు. టీ షాపుల వ్యాపారం వదులుకోలేకపోతే తయారీదారు పేరుతోనే, మామూలు కప్పులుగా అమ్మండి. బిల్లులో కూడా వేరే వరుసలో రాయండి. కప్పుల మీద పేరు వేయించే ఆర్డర్ ఇప్పటికే ఇచ్చి ఉంటే, దిమ్మె చెక్కించకముందే ఈ వారమే ఫోన్ చేసి ఆపించండి.